కుండీలో కొత్తిమీర తొందరగా పూతకు వస్తోందా? ఎక్కువ రోజులు ఆకు కోసుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు మిద్దెల మీద కొత్తిమీర చల్లేవాళ్లకు బాగా పరిచయమైన సంగతి ఇది. గింజలు బాగానే మొలుస్తాయి, జానెడు ఎదుగుతాయి, ఒకసారి కోసుకునేలోపే నడిమధ్య నుంచి సన్నటి కాడ పైకి లేస్తుంది. వారం తిరిగేసరికి తెల్లపూలు విచ్చుకుంటాయి. ఎరువు చాలలేదేమోనని ఎరువు వేస్తారు, నీళ్లు చాలలేదేమోనని నీళ్లు పోస్తారు. కాడ మాత్రం ఆగదు. ఎందుకంటే ఒకసారి పూతకాడ వేసిన కొత్తిమీరను మళ్లీ ఆకు దశకు తెచ్చే మందు గానీ, ఎరువు గానీ లేదు. మనం చేయగలిగినవి రెండు: పూతను కొన్ని వారాలు వెనక్కి జరపడం, ఒక కుండీ ముదిరేసరికి ఇంకో కుండీ కోతకు సిద్ధంగా ఉండేలా చల్లుకోవడం. కింద చెప్పేదంతా ఈ రెండింటి గురించే.

ఇక్కడ ఇంత తొందరెందుకు

కొత్తిమీర ఒక్క పంటకాలం బతికే మొక్క. ఆకులు వేయడం, పూయడం, ధనియాలు రాల్చడం, అంతటితో దాని పని అయిపోతుంది. చల్లగా ఉన్నంతకాలం నేలకు దగ్గరగా గుబురుగా ఆకులే వేస్తూ ఉంటుంది. దానికి బాగా నచ్చేది 15 నుంచి 25 డిగ్రీల వాతావరణం. వరసగా రోజూ 30 దాటుతుంటే పూత వైపు తిరుగుతుంది. తిరుపతిలో డిసెంబరు, జనవరిలో కూడా మధ్యాహ్నం 28, 30 డిగ్రీల దాకా వెళ్తుంది. అంటే మన మంచి కాలం కూడా దానికి అంచుమీద ఉన్న కాలమే. ఎత్తు మీదున్న మదనపల్లె, పలమనేరు వైపు చల్లదనం ఎక్కువ కాబట్టి అక్కడ ఒక కోత అదనంగా వస్తుంది.

పగటి పొద్దు పెరగడం కూడా పూతను తొందరపెడుతుంది. కానీ మన దగ్గర డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా సుమారు గంటన్నరే. అందుకే తిరుపతిలో అసలు శత్రువు వేడే. షేడ్‌నెట్ కట్టినా పగటి పొద్దు తగ్గదు, అది తగ్గించేది వేడిని మాత్రమే. దాని నుంచి ఎంత ఆశించాలో ఇక్కడే అర్థమవుతుంది.

నేలలో వేసిన కొత్తిమీర కంటే కుండీలోది ముందు పూయడానికి కారణం వేరు దగ్గర ఉంది. దీనికి ముల్లంగిలా కిందికి దిగే తల్లివేరు ఉంటుంది. నేలలో అయితే ఆ వేరు చల్లటి పొరల్లోకి పోతుంది. నల్ల గ్రో బ్యాగును కాంక్రీటు మిద్దె మీద పెడితే కింద నుంచి స్లాబు వేడి, పక్క నుంచి ఎండ వేడి కలిసి మట్టి మొత్తం కాగుతుంది. దానికి తోడు ఒక పూట మట్టి ఎండిపోతే మొక్క ఇక తనకు రోజులు దగ్గరపడ్డాయన్నట్టు గింజ కట్టే పనిలో పడుతుంది.

గింజలు

వంటింటి ధనియాలతో పని జరుగుతుంది, కాకపోతే రెండు ఇబ్బందులు. అవి చాలావరకు గింజ కోసం పండించే రకాలు. తొందరగా పూసి కాయాలనే ఉద్దేశంతోనే ఎంపికైనవి కాబట్టి మీ కుండీలో కూడా అదే పని చేస్తాయి. రెండోది, అవి ఎంత పాతవో మనకు తెలియదు. ఆకు కోసం అయితే విత్తనాల అంగట్లో ఆలస్యంగా పూసే రకం అని అడగండి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా ఇషా గుబురుగా పెరిగి, ఆలస్యంగా పూసి, రెండు మూడు కోతలు ఇచ్చే రకం. కుండీలకు బాగా నప్పుతుంది.

ఏ గింజలైనా మొలక చూసుకున్నాకే చల్లండి. పది ధనియాలను చీల్చి, తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టి, గుడ్డ ఆరకుండా చూసుకుంటూ పది రోజులు ఆగండి. ఇరవై బద్దల్లో పన్నెండు కన్నా తక్కువ మొలిస్తే ఆ గింజలను వంటకే వాడుకోండి.

చీల్చడం తప్పనిసరి. గుండ్రంగా కనబడే ధనియం ఒక గింజ కాదు, రెండు గింజలు ఒకే పెంకులో అతుక్కుని ఉంటాయి. గుడ్డ మీద పరిచి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లిస్తే రెండు బద్దలుగా విడిపోతాయి. నలిగి పొడి రాలుతోందంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. చీల్చిన బద్దలను రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, అరగంట గుడ్డ మీద ఆరనిచ్చి చల్లండి. నానిన గింజలను ఎండలో ఆరబెట్టకండి.

కుండీ, మట్టి

వెడల్పు 14 అంగుళాలు, లోతు 8 నుంచి 10 అంగుళాలు ఉన్న టబ్బు సరిపోతుంది. నాలుగంగుళాల ట్రేలలో మొలకలు ఎంతో అందంగా వస్తాయి గానీ, వేరు అడుగుకు తగలగానే ఎదుగుదల ఆగి పూతకు తిరుగుతాయి. ట్రేలో పెంచితే 25 రోజులకు వేళ్లతో సహా పీకేసుకోవాలి, కోతల మీద ఆశ పెట్టుకోకూడదు.

నాలుగు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, మూడు పాళ్లు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్, మూడు పాళ్లు కడిగిన కోకోపీట్ కలపండి. మన ఎర్రమట్టిని ఒక్కదాన్నే వాడితే నాలుగు తడులకు పైన గట్టి పెచ్చు కడుతుంది. మొలక దాన్ని పగలగొట్టుకుని రాలేక లోపలే మెలిపడి చస్తుంది. టబ్బును నేరుగా స్లాబు మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. నల్లదైతే చుట్టూ గోనెపట్టా చుట్టండి. చూడటానికి చిన్న పనే, కానీ మధ్యాహ్నం గోనె చుట్టిన టబ్బు పక్కనా, చుట్టని టబ్బు పక్కనా చెయ్యి పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

చల్లడం

ఈ కొలత టబ్బుకు అర టీస్పూను ధనియాలు చాలు. చీలిస్తే నూట నలభై, నూట యాభై బద్దలు అవుతాయి, వాటిలో వంద దాకా మొలుస్తాయి. మూడు వేళ్ల దూరంలో గీతలు గీసి, గీతలో బద్దకూ బద్దకూ మధ్య ఒక వేలి మందం వదిలి వేయండి. పైన ఒక సెంటీమీటరు మట్టి కప్పి, అరచేత్తో మెత్తగా అదిమి, మూతికి సన్న చిల్లుల రోజ్ ఉన్న డబ్బాతో నీళ్లు చల్లండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. మొలకెత్తేదాకా తడి గోనెసంచి కప్పి ఉంచి, ఏడెనిమిది రోజులకు తెల్లటి మొలక కనబడగానే అదే సాయంత్రం తీసేయండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం సాగి పడిపోతాయి.

మూడో వారంలో గుంపుగా ఉన్నచోట కొన్నింటిని పీకి కూరలో వేసుకోండి. మొక్కల మధ్య రెండు వేళ్ల దూరం మిగలాలి. ఇక్కడే చాలామందికి చెయ్యి రాదు. కానీ ఇరుకున పడ్డ మొక్కలు నీళ్ల కోసం, వెలుతురు కోసం ఒకదాన్నొకటి తోసుకుని బక్కచిక్కి, అన్నింటికంటే ముందు పూతకాడ వేసేది అవే. పీకిన మొక్కలను ఇంకో కుండీలో నాటే ప్రయత్నం కూడా వద్దు. తల్లివేరు కదిలితే కొత్తిమీర తేరుకోదు, బతికినా వెంటనే పూస్తుంది.

నీడ, నీళ్లు

కొత్తిమీరకు కావలసింది పొద్దుటి ఎండ. ఉదయం పది దాకా నేరుగా ఎండ తగిలి, ఆ తర్వాత నీడ పడే చోటు దొరికితే నవంబరు నుంచి జనవరి దాకా వేరే నీడ అక్కర్లేదు. నీళ్ల ట్యాంకుకు తూర్పు పక్క, మెట్ల గదికి తూర్పు గోడ పక్క ఇలాంటి చోట్లే. పడమటి గోడ పక్కన మాత్రం పెట్టకండి. ఆ గోడ సాయంత్రం దాకా కాగి, చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. రాత్రి చల్లబడని చోట కొత్తిమీర నిలవదు.

ఫిబ్రవరి రెండో వారం నుంచి 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి. కుండీల మీద పరిచినట్టు కాకుండా నాలుగైదు అడుగుల ఎత్తున కట్టి, పడమటి వైపు కిందిదాకా వేలాడదీయండి. మూడు గంటల ఎండ పక్కవాటుగా వచ్చి కొడుతుంది, పైన మాత్రమే కట్టిన నెట్ దాన్ని ఆపలేదు. తూర్పు వైపు తెరిచి ఉంచండి. 75 శాతం నెట్ ఇంకా మంచిదేమో అనిపిస్తుంది గానీ దాని కింద కాడలు సాగి, ఆకు పాలిపోయి, వాసన పలచబడుతుంది. నీడ ఎక్కువైందో లేదో కాడను చూసి చెప్పొచ్చు: ఆకు తొడిమ జానెడు దాటి పక్కకు వాలిపోతూ, ఆకు మాత్రం చిన్నగా ఉంటే వెలుతురు చాలడం లేదు.

నీళ్లు పొద్దున ఏడు లోపు పోయండి. చూపుడు వేలు మొదటి కణుపు దాకా మట్టిలో దించితే తడి తగలాలి, వేలికి బురద అంటకూడదు. శీతాకాలంలో రోజుకొకసారి, మార్చి దాటాక రెండుసార్లు పోయాల్సి వస్తుంది. ఒక్క సంగతి మరచిపోకండి. మిద్దె మీద ఎండలో పడివున్న పైపులోని నీళ్లు సాయంత్రం కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లను బకెట్లోకి వదిలేసి, చల్లటివి వచ్చాకే కుండీలకు పెట్టండి. మొక్క వాలిపోయాక నీళ్లు పోస్తే గంటలో లేచి నిలబడుతుంది, ప్రమాదం తప్పిందనిపిస్తుంది. అలా రెండు మూడుసార్లు వాలిన కుండీ పక్కదానికంటే ముందే పూతకు వస్తుంది.

వాయుగుండాల కాలంలో సమస్య తలకిందులవుతుంది. నవంబరు వానలకు లేత మొలకలు నేలకు అతుక్కుపోయి మొదళ్లు కుళ్లుతాయి. రెండాకుల దశలో ఉన్న టబ్బులను ఆ రెండు మూడు రోజులు వరండాలోకి మార్చండి. అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో ఒకసారి పుల్లతో పొడిచి చూడండి.

కోత

ఆకు ఎన్ని రోజులు దొరుకుతుందనేది సగం కోత మీదే ఆధారపడుతుంది. విత్తిన 35, 40 రోజులకు మొక్క అయిదారు ఆకులతో ఆరంగుళాలు ఉంటుంది. అప్పుడు మొదలుపెట్టాలి. ఇంకొంచెం ఎదగనిద్దామని ఊరుకుంటే ఆ ఎదుగుదల కాడగా మారుతుంది.

మొక్కను దగ్గరగా చూడండి. బయట పెద్ద ఆకులు, వాటి తొడిమలన్నీ కలిసే మొదట్లో బియ్యపుగింజంత మడత విప్పని లేత ఆకు ఉంటుంది. కొత్త ఆకులన్నీ పుట్టేది ఆ చోటి నుంచే. బయటి ఆకులను తొడిమ అడుగున గోటితో తుంచండి, లోపలి రెండు మూడు లేత ఆకులను ముట్టకండి. కత్తెరతో కుండీ మొత్తం కోసుకోవాలంటే మట్టికి రెండంగుళాల ఎత్తున కోయండి. మట్టికి ఆనించి కోస్తే ఆ లేత మొగ్గ కూడా పోతుంది, ఆ మొక్క ఇక చిగురించదు. పచ్చడికి ఎక్కువ కావలసిన రోజు కూడా ఒక టబ్బులో సగం మాత్రమే కోసి, మిగతా సగం వారానికి వదిలేయండి. కోతకు ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున కోస్తే ఆకు బిగువుగా ఉంటుంది.

కోసిన రెండో రోజు బలం ఇవ్వాలి. మన జిల్లాల్లో సులువుగా దొరికేది చెనక్కాయ చెక్క. 50 గ్రాముల చెక్కను లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, పది లీటర్ల నీళ్లలో కలిపి టబ్బుకు అర లీటరు పోయండి. కోతకొకసారి చాలు. చిక్కగా పోస్తే ఆకు ముదురాకుపచ్చగా మెత్తబడి, వాసన తగ్గి, పేనుబంక పడుతుంది. చెక్క ముద్దను మట్టి మీద వేయకండి, చీమలు, ఈగలు చేరతాయి.

అయిదు టబ్బుల లెక్క

నలుగురున్న ఇంటికి రోజూ గుప్పెడు ఆకు కావాలనుకుందాం. అయిదు టబ్బులు పెట్టుకుని పదిహేను రోజులకొకటి చొప్పున విత్తండి. మొదటిది అక్టోబరు 1న, రెండోది 16న, మూడోది 31న, నాలుగోది నవంబరు 15న, అయిదోది 30న.

మొదటి టబ్బు నవంబరు 10 ప్రాంతంలో కోతకు వస్తుంది. రెండోది అందుకునేది 25న కాబట్టి ఈ పదిహేను రోజులూ దాన్ని ఒకేసారి కోయకుండా బయటి ఆకులు తుంచుకుంటూ నెట్టుకురావాలి. నవంబరు 30 నాటికి మొదటి టబ్బు రెండో కోత ఇస్తుంది. డిసెంబరు రెండో వారంలో దాని నడిమి ఆకుల్లో మార్పు కనబడుతుంది. అప్పుడు జాలి పడకుండా డిసెంబరు 15న మొత్తం పీకేసి, మట్టి తిరగేసి, రెండు దోసిళ్ల వర్మీ కంపోస్ట్ కలిపి, మళ్లీ విత్తండి. అదే పద్ధతిలో రెండోది డిసెంబరు 30న, మూడోది జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి వేళకు ఖాళీ అవుతాయి. నాలుగోది జనవరి 29న మళ్లీ విత్తుతారు. రెండు కోతల మీద ఆశ పెట్టుకోదగ్గ చివరి విత్తనం ఇదే, అదీ షేడ్‌నెట్ కింద. ఫిబ్రవరి 13న అయిదో టబ్బులో వేసేది మార్చి చివరి ఎండల్లో కోతకు వస్తుంది, ఒక్క కోతకే సిద్ధపడండి.

మార్చి నుంచి లెక్క మారుతుంది. గంగ జాతర నాటి ఎండల్లో కొత్తిమీరను చిగురింపజేయాలని చూడటం నీళ్లు, ఓపిక రెండూ దండగ చేసుకోవడమే. అప్పుడు అవే అయిదు టబ్బుల్లో ఆరు రోజులకొకటి విత్తి, ముప్పయి రోజులకు, అంటే కాడ లేచేలోపే, వేళ్లతో సహా పీకేయాలి. మళ్లీ పెరగనివ్వం కాబట్టి దగ్గరదగ్గరగా, టబ్బుకు ఒక టీస్పూను ధనియాలు వేయొచ్చు, పలచన చేయనక్కర్లేదు. గింజలు మొలిచేదాకా టబ్బు ఇంట్లో చల్లటి మూలన ఉంచండి, కాగిన మట్టిలో ధనియాలు మొలవకుండానే కుళ్లిపోతాయి. మే చివర రోహిణి కార్తెలో ఇలా కూడా సరిగా రాకపోవచ్చు. ఆ రెండు మూడు వారాలు విత్తనం ఆపేయడమే మేలు.

పూత ఆనవాళ్లు, ఆ తర్వాత

మామూలు ఆకు వెడల్పుగా విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. పూత నిర్ణయమయ్యాక నడిమధ్య నుంచి వచ్చే ఆకులు సన్నగా, సోంపు ఆకులా దారాలు దారాలుగా చీలి వస్తాయి. కాడ కంటికి కనబడటానికి కొన్ని రోజుల ముందే ఈ ఆకు కనబడుతుంది. అందుకే వారానికి రెండుసార్లు నడిమి ఆకులను చూడటం అలవాటు చేసుకోండి. ఒకటి రెండు మొక్కల్లోనే ఉంటే వాటిని పీకేయండి, మిగతావాటికి చోటు దొరుకుతుంది. సగం కుండీలో కనబడితే ఆ వారంలోనే ఉన్న వెడల్పాకునంతా కోసేసుకోండి. కాడను తుంచితే పక్క నుంచి రెండు కాడలు లేస్తాయి. నాలుగు రోజులు కలిసిరావొచ్చు గానీ కొత్తగా వచ్చేవి సన్నాకులే. ఆ ఆకు తినకూడనిదేమీ కాదు, కొంచెం చేదు, వాసన తక్కువ. చారులోకి పనికొస్తుంది. పచ్చి ధనియాలు కూడా చట్నీలో బాగుంటాయి.

విత్తనానికి ఒక టబ్బు వదిలేయాలనుకుంటే జాగ్రత్తగా ఎంచుకోండి. సాధారణంగా ముందు పూసిన మొక్కలనే ఎలాగూ పోయాయి కదా అని గింజకు వదిలేస్తారు. తొందరగా పూసే గుణాన్నే మళ్లీ మళ్లీ విత్తినట్టవుతుంది. కొత్తిమీర పూలను తేనెటీగలు వాలి కలుపుతాయి కాబట్టి ముందు పూసిన మొక్కల పుప్పొడి కూడా మంచివాటిలోకి చేరుతుంది. డిసెంబరు, జనవరిల్లో ముందుగా కాడ వేసిన మొక్కలను పూలు విచ్చకముందే పీకేసి, అందరికంటే ఆలస్యంగా పూసిన పది పదిహేను మొక్కలను మాత్రమే గింజకు ఉంచండి. కాయలు ఆకుపచ్చ పోయి లేత గోధుమరంగుకు తిరిగాక, రాలకముందే గుత్తులు కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా నీడలో వేలాడదీయండి. రెండు వారాల్లో ఎండుతాయి. గాజుసీసాలో పోసి, మీద తేదీ రాసిపెట్టుకుని, వచ్చే అక్టోబరుకు వాడుకోండి.